బాకీలు ఎవరివి?

సందేహం: మా పెద్దనాన్నగారు వీలునామాలో నన్ను దాన్ని అమలుచేసే ఎగ్జిక్యూటర్‌గా పెట్టారు. వీలునామా సరైనదేనని కోర్టు ధ్రువీకరించి ఇచ్చే ప్రొబేట్ వచ్చింది. కోర్టులో వేయాల్సిన ఆస్తుల పట్టిక తెలుగులో రాసి ప్లీడరుగారికి ఇచ్చాను. అందులో ‘పెద్దనాన్నగారి బాకీలు’ అన్న మాట చూసి, ‘ఇవి రావాల్సినవా, ఇవ్వాల్సినవా?’ అన్నారాయన. బాకీ అంటే అప్పే కదా, ఇందులో తికమక ఏముంది?

సమాధానం: మీ ప్లీడరుగారు అడిగింది సరైన ప్రశ్నే. బాకీ ఉర్దూ నుంచి వచ్చిన మాట. ‘మిగిలినది’ అని దాని అర్థం. ఎవరి దగ్గర మిగిలిందో, ఎవరికి రావాలో ఆ మాట చెప్పదు. ‘నేను ఆయనకు బాకీ’ అంటే నేను ఇవ్వాలి. ‘ఆయన దగ్గర నాకు బాకీ ఉంది’ అంటే ఆయన ఇవ్వాలి. ‘పెద్దనాన్నగారి’ అన్న షష్ఠి సంబంధం ఉందని మాత్రమే చెప్తుంది. డబ్బు ఎటు నుంచి ఎటు పోవాలో దానివల్ల తెలియదు. ‘అప్పులు’ అని మార్చినా పూర్తిగా తేలదు. అప్పు ఇచ్చేవాళ్లూ ఉంటారు, తెచ్చుకునేవాళ్లూ ఉంటారు.

మాటల్లో అయితే సందర్భాన్నిబట్టి తెలిసిపోతుంది. పట్టికలో ఆ వీలు లేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 317వ సెక్షన్ ప్రకారం ప్రొబేట్ వచ్చిన ఆరు నెలల్లోగా మీరు కోర్టులో ఆ పట్టిక వేయాలి. అందులో ఆస్తి, దాని విలువ అంచనాతోపాటు ఆయనకు రావలసినవన్నీ ఉండాలి. ఆయన ఇవ్వవలసినవి కూడా రాస్తే, రెండూ కలిసిపోకూడదు. కాబట్టి రెండు శీర్షికలు పెట్టండి: ‘రాబట్టవలసిన బాకీలు’, ‘చెల్లించవలసిన బాకీలు’. క్రియను బట్టే డబ్బు ఎటు పోతుందో తెలుస్తుంది.

మొదటి శీర్షిక కింద ప్రతి ప్రామిసరీ నోటు తేదీ కూడా రాయండి. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రామిసరీ నోటుకు మామూలుగా మూడేళ్లలో కాలదోషం పడుతుంది. మీరు ఊరుకున్నందువల్ల గడువు దాటి ఆ సొమ్ము పోతే, 369వ సెక్షన్ కింద అది మీరే పూడ్చాలి. ‘మొహమాటపడి అడగలేదు’ అంటే కుదరదు.

రెండో శీర్షికలో వరస ముఖ్యం. ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకు ముందు ఇచ్చే పద్ధతి చట్టంలో లేదు. అంత్యక్రియలకు తగినంత ఖర్చు, చివరి అనారోగ్యంలో వైద్యం ఖర్చు అన్నిటికన్నా ముందు. ఆ తర్వాత ప్రొబేట్ ఖర్చులు. ఆపైన చనిపోవడానికి ముందు మూడు నెలల్లో పనిచేసిన కూలీలకు, పనివాళ్లకు, ఇంటి పనిమనిషికి ఇవ్వాల్సిన జీతం. మిగతా అప్పులు వీటి తర్వాతే.

ఉదాహరణకు, చేతికొచ్చింది మొత్తం 3 లక్షలే, వేరే ఆస్తి లేదు అనుకుందాం. అంత్యక్రియలు 40 వేలు, ఆసుపత్రి 90 వేలు, ప్రొబేట్ ఖర్చు 30 వేలు, పనిమనిషి జీతం 20 వేలు తీస్తే 1,20,000 మిగులుతుంది. చేబదులు ఇచ్చినవాళ్లు ఇద్దరు: ఒకరికి లక్షన్నర, ఇంకొకరికి 50 వేలు ఇవ్వాలి. ఇద్దరికీ రూపాయికి 60 పైసల చొప్పున, అంటే 90 వేలు, 30 వేలు ఇవ్వాలి. రెండో ఆయన బంధువు కదా అని మొత్తం 50 వేలూ ఇచ్చేస్తే, మొదటాయన మిమ్మల్ని నిలదీయవచ్చు.

ఈ అప్పులన్నీ తీరాకే వీలునామాలో రాసిన పంపకాలు. పెద్దనాన్నగారు చనిపోయాక ఏడాది లోపల పంచి తీరాలని చట్టం మిమ్మల్ని నిర్బంధించదు. తొందరపెట్టేవాళ్లకు ఆ మాట నిర్భయంగా చెప్పవచ్చు. ముందే పంచేశాక అప్పులవాళ్లు వస్తే, తీసుకున్నవాళ్ల దగ్గర తిరిగి రాబట్టుకునే హక్కు వాళ్లకుంది. అదో తలనొప్పి.

ప్రొబేట్ వచ్చిన ఏడాదిలోగా కోర్టుకు లెక్క అప్పజెప్పాలి కదా, అక్కడా ఇదే జాగ్రత్త కావాలి. ‘బాకీ తీరింది’ అని రాయకండి, ఎవరు ఎవరికి తీర్చారో తెలియదు. జమ వైపు ‘ఫలానా వారి నుంచి వసూలైంది’, ఖర్చు వైపు ‘ఫలానా వారికి చెల్లించాను’ అనండి. పక్కనే తేదీ, రసీదు నంబరు వేయండి. వీలునామా ద్వారా పొందేవాళ్లు ఈ లెక్క చూడాలంటే చూపించాల్సిందే.

పనిలో పనిగా ఇంకొకటి. పట్టిక చివర వాళ్లందరినీ ‘వారసులు’ అనే రాసి ఉంటారు. మీ పెద్దనాన్నగారు గుడికో, పనిమనిషికో ఏదైనా రాసి ఉంటే వాళ్లు వారసులు కారు, ‘వీలునామా ద్వారా పొందేవారు’ మాత్రమే. పేరు పేరునా ఎవరికి ఏది రాశారో రాస్తే ఆ ఇబ్బందే ఉండదు.