కడుక్కోవడం వేరు, రుద్దుకోవడం వేరు: నర్సింగ్ వ్యాసం రాస్తున్న అమ్మాయికి

బైరాగిపట్టెడ, తిరుపతి

అమ్మా,

చిత్తూరు నుంచి మీ నాన్న చేత పంపిన వ్యాసం అందింది. రాత్రి ఒకసారి, పొద్దున మరోసారి చదివాను. సిమిలారిటీ రిపోర్ట్ 11 శాతానికి దిగిందని, ఇక టెన్షన్ లేదని రాశావు. ఆ అంకెను పక్కన పెట్టు. నీ వ్యాసంలోని మాటలు వేరేచోట ఉన్న మాటలతో ఎంత కలుస్తున్నాయో మాత్రమే అది చెబుతుంది. చివర ఇచ్చిన రిఫరెన్సుల జాబితా కలిసినా అంకె పెరుగుతుంది, మాటలు మార్చేసి భావమంతా ఎత్తుకొచ్చినా తగ్గుతుంది. నీ మూడో పేరాలో జరిగింది ఈ రెండోదే. ఈ ఉత్తరమంతా ఆ పేరా గురించే.

నువ్వు రాసిన వాక్యం ఇది: "చేతులు కడుక్కోవడాన్ని ప్రోత్సహించడంతో ఆ అలవాటు 2000 నాటికి 48 నుంచి 66 శాతానికి ఎగబాకింది." పక్కన బ్రాకెట్లో ఆ పరిశోధన చేసిన పిటే పేరు, సంవత్సరం సరిగ్గానే పెట్టావు. కామా కూడా తప్పలేదు. నీ మార్జిన్ నోట్సు చూస్తే అసలు సంగతి తెలిసింది. మూలంలో ఉన్న వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని, ఒక్కో మాటకూ సమానమైన మాట వెతికి మార్చావు. వాక్యం నడక వాళ్లదే, ఆలోచన వరస వాళ్లదే. కింద పేరు చెప్పినా ఇది కాపీ కిందికే వస్తుంది. "ఈ భావం వాళ్లది, ఈ మాటలు నావి" అని బ్రాకెట్ చెబుతోంది, కానీ మాటల అల్లిక నీది కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. మాట మార్చేటప్పుడు విషయమే మారిపోయింది. ఆ పరిశోధన జెనీవాలోని బోధనాసుపత్రిలో జరిగింది. చేతుల శుభ్రత 1994లో 48 శాతం ఉండేది, 1997కి 66 శాతానికి పెరిగింది. అయితే పెరిగింది సబ్బుతో కడుక్కోవడం కాదు, అది దాదాపు ఉన్నచోటే ఉంది. పెరిగింది ఆల్కహాల్ ద్రావణం చేతులకు రుద్దుకోవడం, మనం వార్డులో హ్యాండ్ రబ్ అంటామే, అది. చేతుల శుభ్రత అన్నది రెండింటికీ కలిపి చెప్పే మాట. మూలంలో ఉన్న మాటతో కలవకూడదని నువ్వు "కడుక్కోవడం" అని పెట్టావు. దాంతో ఆ పరిశోధన చెప్పనిది చెప్పినట్టయింది. నర్సుకి ఈ రెండింటి తేడా ఎంతో నీకు తెలుసు. సింకు దాకా నడిచి, కడిగి, తుడుచుకుని వచ్చేలోగా ఇంకో మంచం నుంచి పిలుపు వస్తుంది. సీసా మంచం పక్కనే ఉంటే పని అక్కడికక్కడే అయిపోతుంది.

రెండో తప్పు సంవత్సరం. 2000 అన్నది పిటే వ్యాసం అచ్చయిన ఏడు. గమనించిన కాలం 1994 నుంచి 1997. రచయిత పేరు, సంవత్సరం పద్ధతిలో బ్రాకెట్లో కనిపించే ఏడాది ఎప్పుడూ ప్రచురణదే. దాన్ని సంఘటన జరిగిన ఏడాదిగా వాక్యంలోకి లాక్కురావద్దు.

ఇలా చేసి చూడు. మూలాన్ని రెండుసార్లు చదువు, మూసెయ్యి. డ్యూటీ మారేటప్పుడు వచ్చే సిస్టర్‌కి హ్యాండోవర్ ఇస్తున్నట్టు అందులోని సంగతిని నోటితో చెప్పు. చెప్పలేకపోతే నీకింకా అర్థం కాలేదన్నమాట, మళ్లీ తెరువు. చెప్పగలిగితే అదే రాసి, ఆ తర్వాత మూలం తెరిచి అంకెలు, పేర్లు, పారిభాషిక పదాలు సరిచూసుకో. హ్యాండ్ రబ్ లాంటి మాటల్ని మార్చకు. అవి ఎవరి సొంతమూ కావు, వాటిని అలాగే వాడితే ఎవరూ కాపీ అనరు. నేనైతే ఇలా రాస్తాను:

"జెనీవాలో ఒక బోధనాసుపత్రి చేసిన ప్రయత్నాన్ని పిటే బృందం (2000) వివరించింది. 1994లో 48 శాతంగా ఉన్న చేతుల శుభ్రత మూడేళ్లలో 66 శాతానికి చేరింది. సబ్బు వాడకం పెద్దగా మారలేదు, మార్పంతా హ్యాండ్ రబ్‌తోనే వచ్చింది. నర్సుల్లో మెరుగు కనిపించింది, డాక్టర్లలో అంతగా రాలేదని కూడా వాళ్లు గమనించారు."

పేరు మొదట్లోనే వచ్చింది చూడు. నువ్వు పేరా అంతా రాసి చివర ఒక్క బ్రాకెట్ పెట్టావు. చదివేవాళ్లకి వాళ్ల మాట ఎక్కడ మొదలైందో, నీ అభిప్రాయం ఎక్కడ మొదలైందో తెలియదు. పేరుతో మొదలుపెట్టి "వాళ్లు గమనించారు" అని ముగిస్తే గట్టు వేసినట్టుంటుంది. ఆ తర్వాత "మా పోస్టింగ్‌లో నేను చూసిన వార్డులో" అని నీ వాక్యం రాయి. దానికి ఎవరి పేరూ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. పిటే వ్యాసం నువ్వు చదివావా? నీ నోట్సులో ఉన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో తెచ్చిన చేతుల శుభ్రత మార్గదర్శకాల పుస్తకం. అందులో ఆ పరిశోధన ప్రస్తావన ఉంది, నువ్వు అక్కడే చూశావు. చూడని దాన్ని చూసినట్టు రాయడం, బీపీ చూడకుండా చార్టులో 120/80 వేయడం ఒకటే. నేనూ చిన్నప్పుడు ఇదే చేశాను. క్లాసు నోట్సులోని అంకెకి అసలు పరిశోధకుల పేరు పెట్టి సదస్సులో చదివాను. వెనక వరసలోంచి ఒకావిడ "ఎంతమంది మీద చేశారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ నిమిషం ఇప్పటికీ గుర్తుంది.

అసలు వ్యాసం దొరక్కపోతే ఉన్నదున్నట్టు చెప్పే దారి ఉంది. ఏపీఏ పద్ధతిలో అయితే ఇలా టైప్ చేస్తారు:

```
(Pittet et al., 2000, as cited in World Health Organization, 2009)
```

అప్పుడు చివరి జాబితాలో ఆరోగ్య సంస్థ పుస్తకం ఒక్కటే ఉంటుంది, పిటే వ్యాసం ఉండదు. నువ్వు చేత్తో పట్టుకున్నదే జాబితాలోకి వెళ్లాలి. కానీ ఈ దారి ఒకటి రెండు చోట్లకే. పిటే వ్యాసం సారాంశం పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, నేను పైన చెప్పిన అంకెలన్నీ అందులోనే ఉన్నాయి. అది చదివితే పిటే పేరు నేరుగా పెట్టొచ్చు, సారాంశంలో ఉన్నంత వరకే మాట్లాడాలి మరి. ఏపీఏ కాకుండా హార్వర్డ్ పద్ధతి అడిగితే మాత్రం మీ కాలేజీ ఇచ్చిన కాగితం చూసుకో. హార్వర్డ్ పేరుతో ఒక్కోచోట ఒక్కో తీరు నడుస్తుంది.

మూడో పేరా చివర "దీనివల్లే ఇన్ఫెక్షన్లు 16.9 నుంచి 9.9 శాతానికి తగ్గాయి" అని ఉంది. అంకెలు నిజమే, 1994 నుంచి 1998కి అలా తగ్గాయి. "వల్లే" అన్న మాట కింద గీత గీశాను. అదే కాలంలో పోల్చి చూడటానికి ఆ చేతుల శుభ్రత కార్యక్రమం లేని ఇంకో ఆసుపత్రి ఆ పరిశోధనలో లేదు. అందుకని "ఆ కాలంలోనే తగ్గాయి" అను. సారాంశం చదివాకే ఈ పేరా ముట్టుకో, తిరగరాసింది ఆదివారం బస్సుకి వచ్చేటప్పుడు తీసుకురా. ఆ మార్గదర్శకాల కాపీ కూడా తెచ్చుకో, పేజీ పేజీ కలిసి చూద్దాం.

నీ
మేడం