పాట మీదకి ఎక్కని కౌంటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. కీబోర్డు వాయిస్తాను, సొంతంగా లలితగీతాలు కడుతున్నాను. పాట వెనక కౌంటర్ మెలడీ పెడితే విడిగా వినడానికి బాగుంటుంది, గాయకురాలు పాడగానే రెండూ కొట్టుకుంటాయి. ఒక్కోసారి స్వరం పడదు, ఒక్కోసారి మాట వినపడదు. ఏ నోటు ఎక్కడ పెట్టాలో ఎలా తేల్చుకుంటారు?

జవాబు:

నేను విజయవాడలో చిన్న రికార్డింగులకు కీబోర్డు వాయిస్తాను, ట్రాకులు కడతాను. కిందటేడు ఒక పాటలో సరిగ్గా ఈ రెండు తప్పులూ చేసి, రెండూ దిద్దుకోవలసి వచ్చింది. ఆ పాటలో ఒక్క లైను తీసుకుని చెబుతాను.

పల్లవి మొదటి లైను ఇది: "నల్లని మబ్బుల నీడన నావా". శంకరాభరణం స్వరాలు, ఆదితాళం, నింపాది నడక. ఒక్కో దెబ్బకి నాలుగు మాత్రలు. మొదటి నాలుగు దెబ్బల్లో మాటలన్నీ అయిపోతాయి. చివరి "వా" ఆరో దెబ్బ అయ్యేదాకా సాగుతుంది. ఏడు, ఎనిమిది దెబ్బలు ఖాళీ, అమ్మాయి ఊపిరి తీసుకునే చోటు. స్వరం ఇలా ఉంటుంది (గీత అంటే ముందు స్వరమే ఇంకో మాత్ర సాగడం, చుక్క అంటే మౌనం):

ప – మ గ | మ – గ రి | గ – రి స | రి – గ – | గ – – – | గ – – – | . . . . | . . . .

నేను ముందు కార్డులు వేసుకుని, పాట మ్యూట్ చేసి, ఆ కార్డుల మీద చెల్లో టోనుతో కౌంటర్ వాయించాను. "వా" సాగే చోట నా కార్డు మ-ద-స. అందులోంచి మ తీసుకుని రెండు దెబ్బలూ నిలిపాను. విడిగా వింటే హాయిగా ఉంది.

పాడటానికి వచ్చిన అమ్మాయి కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్చుకున్నది, శ్రుతి తప్పే మనిషి కాదు. "వా" దగ్గర నాలుగు టేకులు తీసుకుని, హెడ్‌ఫోన్ తీసేసి, "అన్నయ్యా, ఇక్కడ నా గ నిలబడటం లేదు, ఏదో పైకి లాగుతోంది" అంది. తబలా, కార్డులు, తంబురా అన్నీ ఆపేసి ఆమె గొంతు, నా చెల్లో మాత్రమే వినిపించాను. ఆమె గ మీద ఉంది, నేను మ మీద ఉన్నాను. లాగుతున్నది నేనే.

ఒకటి శ్రుతిలో కీబోర్డు చూడండి. గ-మ మధ్య, ని-స మధ్య నల్లమెట్టు ఉండదు. శంకరాభరణంలో ఇంత దగ్గరగా ఉండే జంటలు ఈ రెండే. ఒకటి గొంతులో, ఇంకోటి వాద్యంలో ఒకేసారి నిలిస్తే ఆ రెండు నాదాలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, చెవిలో గరగరలాడుతుంది. కౌంటర్‌ని ఒక స్థాయి కిందకో పైకో మారిస్తే గరుకు తగ్గుతుంది కానీ పోదు. ఒక మాత్రలో దాటిపోతే చెవి పట్టించుకోదు. నిలిస్తేనే చిక్కు. అందుకే ఇప్పుడు నేను మొదట చూసేది గొంతు ఎక్కడ నిలుస్తోంది, అక్కడ దానికి పక్కమెట్టు ఏది అన్నదే. ఆ పక్కమెట్టు మీద కౌంటర్ ఆగకూడదు. కార్డు ఏమిటన్నది ఆ తర్వాత. నిజానికి ఆ చోట కార్డే తప్పు. గొంతు గ మీద నిలిచి ఉంటే మ-ద-స వేయడానికి లేదు, స-గ-ప వేయాలి.

ఇక రెండో చిక్కు, మాట వినపడకపోవడం. నాకు దీనికి దారి చూపింది గురులఘువులు. బళ్లో ఛందస్సు చదివేటప్పుడు ఇది సంగీతానికి పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు. లైను విడదీయండి: నల్-ల-ని, మబ్-బు-ల, నీ-డ-న, నా-వా. మొదటి మూడు దెబ్బల్లో ఒక్కోదానికి ఒక గురువు, రెండు లఘువులు. మాట తెలిసేది ఆ లఘువుల్లో, ద్విత్వాల్లో. "మబ్బుల"లో "బ్బు" మీద చెల్లో కొత్త నోటు కొడితే ఆ ఒత్తు మునిగిపోతుంది. నా మొదటి కౌంటర్ గొంతుతో పాటే మూడేసి నోట్లు కదిలేది, అందుకే "మబ్బుల" కాస్తా "మవుల" అయి వినపడింది. దానికి మిక్సింగులో వాల్యూమ్ తగ్గించి చూశాను. కౌంటర్ చచ్చిపోయింది గాని మాట తేలలేదు.

తెలుగులో మనకో సౌకర్యం ఉంది. మన మాటలు దాదాపుగా అచ్చుతోనే ముగుస్తాయి, కాబట్టి లైను చివర గొంతు అచ్చు మీద సాగుతుంది. అచ్చు సాగుతున్నప్పుడు వినేవాడికి కొత్తగా అందాల్సిన అక్షరం లేదు, కౌంటర్ కదలాల్సింది అప్పుడే. లఘువులు పరిగెత్తే చోట కౌంటర్ నిలవాలి, దీర్ఘం సాగే చోట నడవాలి.

ఈ రెండూ పెట్టుకుని మళ్లీ రాస్తే ఇలా వచ్చింది. ఇది చెల్లో లైను. ఏడో దెబ్బకి ముందు స తప్ప అన్నీ మంద్రస్థాయి, ఆ తర్వాతవి మధ్యస్థాయి:

ప – – – | ద – – – | ద – – – | ని – – – | స – ని – | ద – ప – | స రి గ మ | ప – . .

పైన గొంతు దెబ్బదెబ్బకీ మొదలయ్యే స్వరాలు చూడండి: ప, మ, గ, రి. దిగుతున్నాయి. కింద చెల్లో ప, ద, ని, స అని ఎక్కుతోంది. ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కితే రెండు లైన్లూ వేటికవే చెవికి తెలుస్తాయి. నేను ముందు రాసిన దానిలో గొంతుకి మూడో స్వరం పైన అదే నడకతో వెళ్లాను. దాన్ని హార్మనీ అనొచ్చు, ఒకే మాటని ఇద్దరు పలికినట్టుంటుంది. బృందగానానికి బాగుంటుంది, ఒక గొంతుకి తోడుగా అడిగినప్పుడు అది కౌంటర్ కాదు.

రెండు, మూడు దెబ్బల్లో ద ఎందుకు కదలలేదంటే, గొంతు ఆ రెండు దెబ్బల్లో మ, గ, రి, స అన్నిటి మీదా తిరుగుతోంది, ద ఆ నాలుగింటిలో దేనికీ పక్కమెట్టు కాదు. మూడో దెబ్బకే ని వేద్దామని ముందు అనుకున్నాను, ఎక్కడం ఇంకా నున్నగా ఉండేది. కానీ "నీడన" చివర గొంతు స మీదకి వస్తుంది, కింద ని ఉంటే మళ్లీ పక్కమెట్టే. ఒక్క మాత్రే గనక కొందరు వదిలేస్తారు. ఆ "న" తర్వాత వెంటనే "నావా" ఎత్తుకోవాలి కాబట్టి నేను వదల్లేదు, అమ్మాయి కాలు కింద నేల గట్టిగా ఉండాలనుకున్నాను.

"వా" నాలుగో దెబ్బ సగంలో పడుతుంది. చెల్లో అప్పుడు కదలదు, అయిదో దెబ్బ మీద స కి వెళ్తుంది. ఆ అర దెబ్బలో "వ" స్పష్టంగా వినపడి అచ్చులోకి జారిపోతుంది. తర్వాత గొంతు గ మీద నిలిచి ఉంటే కింద స, ని, ద, ప దిగుతాయి. నాలుగూ గ తో సర్దుకుంటాయి. మ లేదు. గొంతు ఆగాక ఏడో దెబ్బలో స రి గ మ అని ఎక్కుతుంది, అక్కడ మ వచ్చినా కొట్టుకోవడానికి గొంతు లేదు. ఎనిమిదో దెబ్బ సగానికి చెల్లో ఆగిపోతుంది. రెండో లైను ద మీద ఎత్తుకుంటుంది, ప వినపడి ఉంటే ఆ ద ఒక్క అడుగు పైన దొరుకుతుంది. ఆ చివరి అర దెబ్బ మౌనం మాత్రం ఎవరు అడిగినా నింపకండి, అది పాడేవాళ్ల ఊపిరి.

స్వరాలు కుదిరాక కూడా "మబ్బుల" దగ్గర ఏదో తేడాగా ఉండిపోయింది. కారణం గమకం. ఆమె అక్కడ మ ని తిన్నగా పట్టదు, గ నుంచి ఊపి పట్టుకుంటుంది. నేను కూడా పద్ధతిగా ఉంటుందని ద మీద పిచ్ బెండ్ వీల్ తిప్పి ఊపు ఇచ్చాను. రెండు ఊపులు రెండు వేగాల్లో ఉంటే స్వరాలు సరైనవే అయినా శ్రుతి చెదిరినట్టే వినపడుతుంది. వీల్ వదిలేసి ద ని గీత గీసినట్టు నిలిపాను, సరిపోయింది. గొంతు ఊగుతున్నప్పుడు కౌంటర్ ఊగకూడదు. మీ దగ్గర నిజం వయొలిన్ వాయించేవారు ఉంటే ఇది ముందే చెప్పండి. వాళ్ల చెయ్యి అలవాటుగా గొంతుని అనుసరిస్తుంది, కచేరీలో అదే వాళ్ల పని.

రాగాన్ని బట్టి జాగ్రత్త మారుతుంది. మోహనలో (స రి గ ప ద) ఇలాంటి పక్కమెట్ల జంట అసలు లేదు, స్వరం కొట్టుకోవడం అరుదు, మాట మీద పడకుండా చూసుకుంటే చాలు. మాయామాళవగౌళలో స-రి, గ-మ, ప-ద, ని-స నాలుగూ పక్కమెట్లే. దానిలో నేను గొంతు నడుస్తున్నంతసేపు స, ప దాటి పెద్దగా వెళ్లను. ఆ రెండింటిలో కూడా గొంతు దేని పక్కన నిలిచిందో చూసి రెండోదానికి మారతాను. కదలికంతా ఖాళీల్లో పెడతాను.

మీ పాటకి ఈ పని చేసి చూడండి. ముందు గాయకురాలి గొంతు రఫ్‌గా రికార్డు చేసుకోండి, కార్డులన్నీ ఆపేయండి, ఆ గొంతు వింటూ కౌంటర్ వాయించండి. రెండే వినపడుతున్నప్పుడు బాగుంటే తర్వాత కార్డులు చేర్చినా చెడదు. కార్డులతో బాగుండి రెండే వింటే గరుకుగా ఉంటే ఆ చోటు గుర్తుపెట్టుకుని గొంతు నిలిచిన స్వరం చూడండి. మాట సంగతికి, సాహిత్యం తెలియని మనిషికి ఫోన్ స్పీకర్లో వినిపించి మాటలు చెప్పమనండి. నేను మా అమ్మని కూర్చోబెట్టాను. మొదటిసారి "మవుల" అన్నది ఆవిడే, దిద్దాక లైను మొత్తం తడుముకోకుండా చెప్పింది.

చరణానికి పల్లవి కౌంటర్ని తీసుకెళ్లి అతికించకండి. మా పాట చరణంలో లఘువులు ఎక్కువ, సాగే అచ్చు రెండు లైన్లకోసారి గాని రాదు. దానికి చెల్లో రెండు లైన్లకి మూడే నోట్లు వాయించింది, మిగతా అంతా మౌనం. మీ లైను స్వరం, మాత్రలు విడదీసి ఇక్కడ పెడితే ఏ చోట కొట్టుకుంటోందో చూసి చెబుతానండి.