పొడి చర్మంపై పెర్‌ఫ్యూమ్ నిలవడం లేదా?

ప్రశ్న: నా వయసు 34. చర్మం బాగా పొడిబారి ఉంటుంది, గోటితో గీస్తే తెల్లటి గీత పడుతుంది. పెర్‌ఫ్యూమ్ కొట్టుకుంటే గంటలోపే వాసన పోతోంది. వాసన లేని లోషన్, దానిపై బాడీ ఆయిల్, ఆ తర్వాత పెర్‌ఫ్యూమ్ వాడితే ఎక్కువసేపు ఉంటుందని స్నేహితురాలు చెప్పింది. నిజమేనా? ఎంతెంత రాయాలి? మోచేతి మడతలో అప్పుడప్పుడు దురద కూడా వస్తోంది.

జవాబు: మీ స్నేహితురాలు చెప్పింది నిజమే. పెర్‌ఫ్యూమ్‌లో ఎక్కువ భాగం ఆల్కహాల్. అది చర్మం మీద పడిన కాసేపటికే ఆవిరైపోతుంది. మిగిలే సువాసన పదార్థాలు చాలావరకు నూనెలో కరిగేవి. చర్మంపై పల్చటి జిడ్డు పొర ఉంటే అవి అందులో కరిగి, నెమ్మదిగా బయటికొస్తాయి. పొడి చర్మంలో ఆ పొర సరిగా ఉండదు కాబట్టి వాసన త్వరగా పోతుంది. అయితే నిమ్మ, నారింజ లాంటి తేలికపాటి వాసనలు ఎలా రాసినా ముందే ఎగిరిపోతాయి. గంధం, వెనీలా లాంటి బరువైన వాసనల దగ్గరే మీకు తేడా బాగా తెలుస్తుంది.

ముందు లోషన్, తర్వాతే నూనె. ఈ వరస మార్చకండి. నూనె చర్మానికి నీటిని ఇవ్వదు, ఉన్న తేమను పోకుండా ఆపుతుందంతే. అందుకే గోరువెచ్చటి నీటితో స్నానం చేసి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటిపై కాస్త తడి ఉండగానే, అంటే మూడు నిమిషాల్లోపు, గ్లిజరిన్ లేదా సెరమైడ్‌లు ఉన్న లోషన్ రాయండి. చూపుడు వేలి చివరి కణుపు పొడవునా పిండిన లోషన్ రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. లేబుల్ మీద ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అని ఉన్నదే కొనండి. ‘అన్‌సెంటెడ్’ అని రాసిన వాటిలో ముడిసరుకు వాసనను కప్పిపుచ్చడానికి సువాసన పదార్థం కలిపి ఉండొచ్చు. దురద ఉన్నవారికి అది చాలా ముఖ్యమైన విషయం.

ఐదు నిమిషాలు ఆగి, వాసన లేని స్క్వాలేన్ లేదా మినరల్ ఆయిల్ రెండు మూడు చుక్కలు అరచేతిలో వేసుకుని, పెర్‌ఫ్యూమ్ కొట్టుకునే చోట మాత్రమే అద్దండి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. నూనె ఎక్కువైతే పెర్‌ఫ్యూమ్ చుక్కలు చుక్కలుగా జారిపోతుంది, బట్టలకు మరకలవుతాయి. రెండు నిమిషాల తర్వాత టిష్యూ కాగితం అద్ది చూడండి. జిడ్డు మరక స్పష్టంగా పడితే అదనపు నూనెను దానితోనే తుడిచేయండి. చర్మం మెరుస్తూ, పట్టుకుంటే జారకుండా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు జానెడు దూరం నుంచి ఒకటి రెండుసార్లు కొట్టుకుని, ఆరేదాకా వదిలేయండి. మణికట్లు రుద్దుకుంటే అణువులు విరిగిపోతాయన్నది అపోహే గానీ, రుద్దితే కింది నూనె పొర చెదిరిపోతుంది. కాబట్టి ఆ అలవాటు మానేయండి.

ఫలితం తెలుసుకోవడానికి మీ ముక్కును నమ్మకండి. ఒకే వాసన పీలుస్తూ ఉంటే కాసేపటికే అలవాటుపడి పసిగట్టడం మానేస్తుంది. ఒక రోజు కుడి ముంజేతికి మూడూ, ఎడమ ముంజేతికి పెర్‌ఫ్యూమ్ మాత్రమే వాడి, మూడు గంటల తర్వాత ఇంట్లో ఎవరినైనా రెండు చేతులూ వాసన చూడమనండి. ఏది ఏదో ముందే చెప్పకండి.

అయితే దురద సంగతి తేలేదాకా ఇవన్నీ మొదలుపెట్టొద్దు. మోచేతి మడత ఎగ్జిమా తరచూ కనిపించే చోటు. అక్కడ చర్మం పగిలి ఉంటే ఆల్కహాల్ మంట పుట్టిస్తుంది. పైగా నూనె పొర వాసనతో పాటు పడని పదార్థాన్ని కూడా చర్మానికి అంటిపెట్టి ఉంచుతుంది. పెర్‌ఫ్యూమ్‌లలో ఉండే లినలూల్, లిమొనీన్ అనే సువాసన పదార్థాలు గాలి తగిలి పాతబడేకొద్దీ అలర్జీ కలిగించే పదార్థాలుగా మారతాయి. అలాంటి అలర్జీ వెంటనే కనిపించదు. ఒకటి రెండు రోజులాగి ఎర్రబడి దురద పుడుతుంది. అందుకే చాలామంది పెర్‌ఫ్యూమ్‌ని అనుమానించరు.

కాబట్టి రెండు వారాలు పెర్‌ఫ్యూమ్ పూర్తిగా ఆపి, లోషన్ మాత్రమే రోజుకు రెండుసార్లు వాడండి. దురద పోతే, మడతకు దూరంగా ముంజేతి లోపలివైపు రూపాయి బిళ్లంత చోట లోషన్, నూనె మాత్రమే వారం రోజులు రెండు పూటలా రాసి చూడండి. ఏమీ కాకపోతే మరో వారం అక్కడే పెర్‌ఫ్యూమ్ కూడా కలపండి. ఎర్రబడినా, చిన్న పొక్కులు వచ్చినా ఆపేసి చర్మవైద్యుణ్ని కలిసి, ఏ పదార్థం పడటం లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. పెర్‌ఫ్యూమ్ ఆపినా దురద తగ్గకపోతే దాని కారణం వేరే ఉండొచ్చు. అప్పుడు చర్మ పరీక్షతో పాటు థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాల్సి రావచ్చు, ఎందుకంటే థైరాయిడ్ హార్మోన్ తగ్గినవారిలో ఒళ్లంతా ఇలాగే పొడిబారుతుంది.