మేనేజర్ మారిన ఫండ్‌ని అమ్మడమెప్పుడు: మేనకోడలికి మామయ్య ఉత్తరం

అమ్మాయ్,

నా మ్యూచువల్ ఫండ్ మేనేజర్ వెళ్లిపోయాడు, రెండేళ్లుగా రాబడి నిఫ్టీ 500 సూచీ కన్నా తగ్గింది, అమ్మేయనా అని అడిగావు. అమ్మడం సంగతి తర్వాత. నెలనెలా కట్టే సిప్ మాత్రం ఈ నెల నుంచే ఆపెయ్. దానికి పన్నూ లేదు, తొందరగా తీసేస్తే కోసే ఎగ్జిట్ లోడూ లేదు. కొత్త డబ్బు వెళ్లడం ఆగితే మిగతాది నిదానంగా ఆలోచించుకోవచ్చు.

నేనొకసారి మేనేజర్ రాజీనామా వార్త చదివి అదే వారం అంతా అమ్మేశాను. ఏడాది నిండని యూనిట్లకు లోడ్ కోశారు. పైగా ఆ ఏడాది పట్టికలో మొదటి స్థానంలో ఉన్న ఫండ్‌లో దూరితే అది మరుసటి ఏడాదే చతికిలపడింది. తీరా చూస్తే, నేను వదిలేసిన ఫండ్‌లో కొత్తాయన పాత షేర్లనే పట్టుకుని ఉన్నాడు. వంటమనిషి మారాడని హోటల్ మానేశానే గానీ, కూర రుచి చూడలేదు.

ఆ రుచి నెలనెలా వచ్చే పోర్ట్‌ఫోలియో జాబితాలో తెలుస్తుంది. ప్రతి ఫండ్ కంపెనీ నెల ముగిశాక పది రోజుల్లోపు దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలి. పాత మేనేజర్ వెళ్లకముందు నెలది ఒకటి, ఏడాది తర్వాతది ఒకటి పక్కపక్కన పెట్టి చూడు. నువ్వు పంపిన వాటిలో పాతదాంట్లో 28 కంపెనీలున్నాయి, ఎక్కువ భాగం పెద్దవే, చిన్న కంపెనీల షేర్లు, అంటే స్మాల్ క్యాప్, 9 శాతం. కొత్తదాంట్లో 61 కంపెనీలు, స్మాల్ క్యాప్ 33 శాతం. పాత షేర్లలో పదకొండే మిగిలాయి. నువ్వు కొన్న ఫండ్ పేరు మాత్రమే మిగిలిందన్నమాట.

ఇందులో నియమం తప్పిందేమీ లేదు. నీది ఫ్లెక్సీ క్యాప్ ఫండ్, అది 65 శాతం షేర్లలో ఉంటే చాలు, పెద్దవా చిన్నవా అన్నది మేనేజర్ ఇష్టం. అందుకే నీకెవరూ ప్రత్యేకంగా చెప్పరు. స్కీమ్ మూల లక్షణాలే మార్చితే కొన్ని రోజుల పాటు లోడ్ లేకుండా బయటకు రానివ్వాలి. మేనేజర్ మారితే ఆ వెసులుబాటు లేదు.

జాబితా మారకుండా రాబడి మాత్రమే తగ్గి ఉంటే ఆగమనేవాణ్ణి. చిన్న కంపెనీలు పరుగులు పెట్టిన ఏళ్లలో పెద్ద కంపెనీల ఫండ్ వెనకబడుతుంది, అది దాని తీరు. నీ ఫండ్ వెనకబడింది తీరు మార్చాక. పైగా ఇప్పటి 33 శాతం స్మాల్ క్యాప్ నువ్వు కోరుకున్నది కాదు, నీకు వేరే స్మాల్ క్యాప్ ఫండ్ ఉంది కూడా. కాబట్టి అమ్మమనే అంటాను.

ఇక ఖర్చు. నెలకు 7,500 చొప్పున ఆరేళ్లు కట్టిన 5,40,000 ఇప్పుడు 9,00,000. చివరి పన్నెండు వాయిదాలు, అంటే కొన్నది 90,000కి, ఇప్పుడు 94,000, వాటిని కదపకు. ఒక్కో వాయిదాకు ఏడాది విడిగా లెక్కిస్తారు. ఇప్పుడే తీస్తే 1 శాతం లోడ్, లాభంపై 20 శాతం పన్ను.

మిగిలింది 8,06,000, అందులో లాభం 3,56,000. ఒకేసారి అమ్మితే 1,25,000 మినహాయింపు పోను 2,31,000పై 12.5 శాతం, దానిపై సెస్సు, మొత్తం 30,030. అమ్మేదాంట్లో 3.7 శాతం. కొత్త ఫండ్ అయిదేళ్లలో ఏడాదికి ముప్పావు శాతం ఎక్కువిస్తే ఇది రాబట్టుకోవచ్చు. నిజానికి అంత కూడా అక్కర్లేదు: ఈ పన్ను ఎప్పుడు అమ్మినా కట్టేదే, ఇప్పుడు కడితే కొత్త ఫండ్‌లో కొన్న ధర పెరిగి ఆ మేరకు రేపటి పన్ను తగ్గుతుంది.

ఇది ఫిబ్రవరి కదా. మార్చి ఆఖరి వారానికి ముందు సగం లాభం, ఏప్రిల్‌లో మిగతా సగం తియ్. రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపులు వాడుకుంటే, ధర ఇంతే ఉంటే, పన్ను 13,780కి దిగుతుంది. ఈ రెండేళ్లలో వేరే ఫండ్లూ షేర్లూ అమ్మి లాభపడితే అదీ ఈ మినహాయింపులోంచే పోతుంది, గుర్తుంచుకో. ముందు కొన్న యూనిట్లు ముందు పోతాయి, వాటిలో లాభం ఎక్కువ. అందుకని రూపాయలు సగం చేయకు, లాభాన్ని సగం చెయ్. ప్రతి వాయిదా తేదీ, ధర నీ ఫండ్లన్నిటి లెక్కా ఒకచోట చూపే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌లో ఉంటాయి.

అదే కంపెనీలో వేరే ఫండ్‌కి స్విచ్ చేస్తే పన్ను ఉండదని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. తప్పు. అదే ఫండ్‌లో ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ నుంచి నేరుగా కొనే డైరెక్ట్‌కి మారినా సరే, అదీ అమ్మకమే.

కొత్త ఫండ్ ఎంచుకునే ముందు దాని మేనేజర్ ఎన్నాళ్లుగా ఉన్నాడో ఫ్యాక్ట్‌షీట్‌లో చూడు. పదేళ్ల రాబడి చూపించి, ఆయన వచ్చింది నిరుడే అయితే ఆ పదేళ్లు వేరేవాళ్లవి. రెండు మూడు పేర్లు అనుకున్నాక వాటి పోర్ట్‌ఫోలియోలు కూడా పంపు, ఆదివారం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య