మోటర్ వైండింగ్‌కు గ్యారంటీ కాగితం ఎలా రాయాలి?

ప్రశ్న: ఆకివీడు దగ్గర మోటర్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. రొయ్యల చెరువుల ఏరేటర్ మోటర్లే ఎక్కువ వస్తాయి. పక్క షాపువాళ్లు ఏడాది గ్యారంటీ అంటున్నారు. నేనూ ఇస్తే కాలిన ప్రతి మోటరూ ఊరికే కట్టాల్సి వస్తుందేమో అని టెన్షన్‌గా ఉందండీ. ఏం రాసివ్వాలి?

జవాబు: ఏడాది వద్దండీ, ఆరు నెలలు రాయండి. వైండింగ్ పనిలో లోపం ఉంటే సాధారణంగా తొలి వారాల్లోనే బయటపడుతుంది. వనామీ పంట మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది కాబట్టి రైతుకు ఒక పంట పూర్తిగా గడిచిపోతుంది.

కాగితం మీద "సరిగ్గా వాడకపోతే గ్యారంటీ లేదు" అని మాత్రం రాయకండి. ఆ మాట చూస్తే ఏ రైతూ నమ్మడు, తర్వాత గొడవా తెగదు. దాని బదులు కంటికి కనబడే గుర్తులు రాయండి. ఏరేటర్లకు వాడే రెండు హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటర్లు ఎక్కువగా స్టార్ కనెక్షన్‌వే కదా. ఒక ఫేజ్ పోయి కాలితే రెండు ఫేజుల కాయిల్స్ నల్లబడి, మూడోది కొత్తగానే ఉంటుంది. మూడూ ఒకేలా మాడితే లోడు ఎక్కువైందనో వోల్టేజ్ పడిపోయిందనో అర్థం. ఒక్కచోట మాత్రమే కాలి మిగతాది శుభ్రంగా ఉంటే చుట్ల మధ్య షార్ట్ అయ్యే అవకాశం ఎక్కువ, అది మీ ఖాతాలోదే. లోపలికి నీరు దిగితే, ఆ సీల్ మీరు మార్చిందైతే బాధ్యత మీదే అని కూడా రాయండి. మోటర్‌ను రైతు ఎదురుగానే విప్పండి. ఎటూ తేలకపోతే ఊరికే కట్టివ్వండి.

ఇక డబ్బు సంగతి. ఉదాహరణకు ఒక మోటర్‌కు మీరు 3,000 తీసుకుంటే, రాగి తీగ, వార్నిష్, కూలీ కలిపి మీకు పడేది 2,200 అనుకుందాం. వందలో ఆరు తిరిగొచ్చి, వాటిలో రెండు మీ లోపమైతే, ఖర్చు 4,400. అంటే మోటర్‌కు 44 రూపాయలు. ఆరింటినీ కట్టినా మోటర్‌కు 132 పడుతుంది. అనుమానం ఉన్నవీ కలిపి మోటర్‌కు 70 చొప్పున వేరే ఖాతాలో వేయండి. ఆరు నెలలు దాటిన మోటర్ల డబ్బు మీ లాభంలో కలుపుకోవచ్చు. అసలు లెక్క కోసం ఇవాళ్టి నుంచే ఒక పుస్తకం పెట్టండి: కట్టిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, ఎలా కాలింది.

రైతు నిజంగా భయపడేది రాత్రిపూట ఏరేటర్ ఆగిపోతేనే. ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది. అందుకే పాత మోటర్లు ఒకటి రెండు బాగుచేసి ఉంచి, "గ్యారంటీ మోటర్ ఆగితే, మా పని అయ్యేవరకు స్పేర్ మోటర్ ఇస్తాం" అని రాయండి. ఏడాది గ్యారంటీ కన్నా రైతుకు ఈ మాటే గట్టిది. స్పేర్ ఎప్పుడిస్తారో మాత్రం మీరు నిలబెట్టుకోగల టైమే రాయండి. కాగితం ఇచ్చేటప్పుడే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించుకోమని చెప్పండి. అది ఉన్న చెరువు నుంచి ఫేజ్ పోయి కాలిన మోటర్లు బాగా తగ్గుతాయి.