వెనక్కి రావడం లేదా, ముందుకు రావడం లేదా?

సందేహం: మా అబ్బాయికి ఐదేళ్ళు. డాక్టరుగారు చీటీలో ఫైమోసిస్ అని రాసి, ఇప్పుడేమీ చెయ్యక్కర్లేదన్నారు. ఇంటికొచ్చి చదివితే పారాఫైమోసిస్ అని ఇంకోటి కనిపించింది, అది ఎమర్జెన్సీ అట. తెలుగులో రెండింటికీ 'తోలు వెనక్కి రాకపోవడం' అనే రాశారు. రెండూ ఒకటేనా? సరైన తెలుగు మాటలేమిటి?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ఒకటి కావమ్మా. రెండూ పురుషాంగం కొనను కప్పే చర్మానికి వచ్చే ఇబ్బందులే, కాని వేర్వేరు. మీ టెన్షన్‌కి కారణం జబ్బు కాదు, 'వెనక్కి రావడం' అనే మాట. ముందు దాని సంగతి చూద్దాం.

తెలుగులో 'వెనక్కి రావడం' అంటే రెండు అర్థాలున్నాయి. 'కారు కొంచెం వెనక్కి రానీ' అన్నప్పుడు వెనక ఉన్న చోటికి జరగడం. 'ఇచ్చిన అప్పు వెనక్కి రాలేదు' అన్నప్పుడు వెళ్ళినది తిరిగి తన చోటికి చేరడం. మామూలుగా సందర్భాన్ని బట్టి ఏ అర్థమో తెలిసిపోతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం తెలియదు. 'తోలు వెనక్కి రావడం లేదు' అంటే, ముందున్న చర్మం వెనక్కి జరగడం లేదని ఒక అర్థం, అది ఫైమోసిస్. వెనక్కి జరిపిన చర్మం తిరిగి తన చోటికి రావడం లేదని ఇంకో అర్థం, అది పారాఫైమోసిస్. వాక్యం ఒకటే, దిక్కులు మాత్రం పూర్తిగా ఎదురు.

దీనివల్ల ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. కొన్నేళ్ళ క్రితం మా మామయ్యకు ఒంటికి రావడం ఆగిపోతే ఒక ఆస్పత్రిలో పైపు వేసి ఇంటికి పంపారు. పైపు వేసేటప్పుడు చర్మం వెనక్కి జరిపి శుభ్రం చేస్తారు. ఆ తర్వాత దాన్ని మళ్ళీ ముందుకు లాగి కప్పాలి. అది మరిచిపోయారు. మర్నాడు పొద్దుటికి అత్తయ్య గమనించింది, కొన దగ్గర వాపు, దాని వెనక గాజు తొడిగినట్టు ఒక ఉబ్బు. ఆస్పత్రికి ఫోన్ చేసి సిగ్గుపడుతూనే 'అక్కడ తోలు వెనక్కి రావట్లేదండీ' అని చెప్పింది. తన చోటికి తిరిగి రావడం లేదని ఆవిడ ఉద్దేశం. అవతల విన్నవాళ్ళకు వెనక్కి జరగడం లేదని అర్థమైంది. 'పెద్ద వయసులో కొందరికి బిగుతుగానే ఉంటుంది, కంగారు లేదు, సోమవారం ఓపీకి తీసుకురండి' అన్నారు. ఆ రోజు శనివారం.

సాయంత్రం నేను వెళ్ళేసరికి మామయ్య పంచె కూడా తగలనివ్వడం లేదు. కొన ఎర్రగా, నున్నగా మెరుస్తూ ఉంది. వెంటనే ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డ్యూటీ డాక్టరు చూసీ చూడగానే 'ఎప్పటి నుంచి వెనకే ఉండిపోయింది?' అని అడిగాడు. ఆ ప్రశ్నలోనే రోగ నిర్ణయం ఉంది. నొప్పి తెలియకుండా జెల్లు రాసి, వాచిన భాగాన్ని గుడ్డతో చుట్టి, పిడికిట్లో పట్టుకుని మెల్లగా, వదలకుండా నొక్కుతూ పది నిమిషాలు కూర్చున్నాడు. వాపు సగానికి దిగింది. అప్పుడు రెండు బొటనవేళ్ళతో కొనను లోపలికి నెడుతూ, మిగతా వేళ్ళతో చర్మాన్ని ముందుకు లాగాడు. ఒక్కసారిగా జారి తన చోటికి వచ్చింది. మామయ్య పెద్దగా ఊపిరి వదిలాడు. నొక్కితే దిగకపోతే సూదితో పొడిచి నీరు తీస్తారని, అదీ కుదరకపోతే బిగిసిన చర్మాన్ని పైవైపున నిలువుగా చీల్చి వదులు చేస్తారని ఆ డాక్టరు తర్వాత చెప్పాడు.

అంత తొందర ఎందుకో తెలియాలంటే ఉంగరం గుర్తు చేసుకోండి. వేలికి ఇరుకైన ఉంగరం ఎక్కిస్తాం. కాసేపటికి వేలు వాస్తుంది. వాచేకొద్దీ ఉంగరం బిగుస్తుంది, బిగిసేకొద్దీ ఇంకా వాస్తుంది. ఇక్కడ చర్మపు అంచే ఉంగరం. అది కొన వెనక ఉన్న సన్నటి గాడిలో కూర్చుంటుంది. లోపలికి రక్తం తెచ్చే నాళాలు గట్టివి కనుక కొంతసేపు పనిచేస్తూనే ఉంటాయి. బయటికి తీసుకుపోయే సిరలు మెత్తనివి, అవే ముందు మూసుకుపోతాయి. వచ్చే దారి ఉంది, పోయే దారి లేదు, అందుకే వాపు. గంటలు గడిచేకొద్దీ వచ్చే దారి కూడా మూసుకుపోతుంది. కొన నీలంగా, నల్లగా మారుతోందంటే కండ చచ్చిపోతోందని అర్థం. అందుకని ఇది రేపు చూపించుకునే విషయం కాదు, అర్ధరాత్రయినా అప్పుడే బయలుదేరాల్సిన విషయం.

ఇక మాటల పుట్టుక. గ్రీకులో 'ఫీమోస్' అంటే పశువు మూతికి కట్టేది. దానికి మనకు చక్కని మాట ఉంది, చిక్కం. నూర్చేటప్పుడు ఎడ్లు గింజలు మేయకుండా మూతికి కట్టే వల బుట్ట. ఫైమోసిస్ అంటే చిక్కం పడటం, మూతి బిగుసుకోవడం. 'పారా' అంటే పక్కన, అవతల. అంటే చిక్కం ఉండాల్సిన చోట కాక అవతలికి పోయి పట్టుకుంది. పేరు పెట్టినవాళ్ళు ఒక సంగతి బాగా గమనించారు. రెండింటిలోనూ ఇరుకు అంచు అదే కావచ్చు. కొనకు ముందుంటే ఒక పేరు, వెనక చేరితే ఇంకో పేరు. మామూలుగా సరిపోయే చర్మమైనా ఎక్కువసేపు వెనకే ఉండి వాస్తే అలాగే పట్టేస్తుంది, మా మామయ్యకు జరిగింది అదే.

మన ఆయుర్వేదంలోనూ ఈ రెండింటికీ వేర్వేరు పేర్లున్నాయి. సుశ్రుతుడు క్షుద్రరోగాలు, అంటే చిన్న జబ్బులు, చెప్పిన చోట మొదటిదాన్ని 'నిరుద్ధప్రకశ' అన్నాడు, రెండోదాన్ని 'పరివర్తిక' అన్నాడు. నిరుద్ధం అంటే అడ్డగించబడినది. చర్మం మణిని, అంటే కొనను, కప్పేసి మూత్రం దారిని అడ్డుకుంటుంది. ధార సన్నగా వస్తుంది కాని నొప్పి ఉండదన్నాడు. పరివర్తికలో 'వర్తించు' ఉంది, అంటే తిరగడం. నలపడం, నొక్కడం, దెబ్బ తగలడం వల్ల చర్మం వెనక్కి తిరిగి, మణి కింద ముడిలా వేలాడుతుంది. నొప్పి, మంట ఉంటాయన్నాడు. ఒకదానికి 'నొప్పి లేదు' అనీ, రెండోదానికి 'నొప్పితో కూడినది' అనీ విడదీసి చెప్పడం చూడండి. ఇంటివాళ్ళకు ఈనాటికీ పనికొచ్చే గుర్తు అది. పరివర్తికకు నెయ్యి రాసి, కాపడం పెట్టి, మణిని నొక్కుతూ చర్మాన్ని మెల్లగా ముందుకు తేవాలన్నాడు. డ్యూటీ డాక్టరు చేతులు చేసిన పని దాదాపు అదే. అలాగని ఇంట్లో కాపడం మొదలుపెట్టకండి, వాపు మీద వేడి పెట్టడం ఇప్పటి పద్ధతి కాదు.

ఈ సంస్కృతపు పేర్లు వైద్య విద్యార్థులకు సరే. తల్లిదండ్రులకు ఇచ్చే కాగితం మీద నిరుద్ధప్రకశ అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? నా మటుకు నేను నామవాచకం కన్నా క్రియను నమ్ముతాను. మన క్రియకు కాలాన్నీ దిక్కునూ పట్టి చెప్పే శక్తి ఉంది. మూడు వాక్యాలు చాలు.

'చర్మం ఇంకా వెనక్కి వెళ్ళడం లేదు.' ఇది మీ అబ్బాయి సంగతి. ఈ 'ఇంకా' చాలా ముఖ్యం. పుట్టినప్పుడు దాదాపు మగపిల్లలందరికీ చర్మం లోపలివైపు కొనకు అతుక్కునే ఉంటుంది. అది ఏళ్ళ మీద దానంతటదే విడిపోతుంది, కొందరికి యుక్తవయసు దాకా పడుతుంది. డెన్మార్క్ బడిపిల్లలను ఏళ్ళ తరబడి పరీక్షించి 1968లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరేడేళ్ళ వాళ్ళలో నూటికి ఎనిమిది మందికి బిగుతు ఉంటే, పదహారు పదిహేడేళ్ళకు అది నూటికి ఒక్కరికి తగ్గింది. కనుక ఐదేళ్ళ పిల్లవాడి విషయంలో 'వెళ్ళదు' అనకండి, 'ఇంకా వెళ్ళడం లేదు' అనండి. నలుగు పెట్టేటప్పుడు బలవంతంగా లాగే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. అలా లాగితే సన్నగా చిట్లి, మానిన చోట మచ్చ కట్టి, లేని బిగుతు వస్తుంది. లేదా వెనక్కి వెళ్ళి అక్కడే పట్టేస్తుంది. ఒంటికి పోసేటప్పుడు నొప్పితో ఏడ్చినా, పదేపదే ఎర్రబడి చీము పట్టినా, అంచు తెల్లగా గట్టిపడినా డాక్టరుకు చూపించండి. చాలామందికి కొన్ని వారాలు స్టెరాయిడ్ క్రీమ్ రాస్తేనే వదులవుతుంది, అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు.

'ఇదివరకు వెళ్ళేది, ఇప్పుడు వెళ్ళడం మానేసింది.' ఇది పెద్దవాళ్ళది. అంచున పగుళ్ళు, దురద, తెల్లటి పూత ఉంటే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. షుగర్ ఉన్నట్టు ఈ బిగుతుతోనే మొదట బయటపడినవాళ్ళు ఉన్నారు.

'వెనక్కి వెళ్ళింది, ముందుకు రావడం లేదు.' ఇదే పారాఫైమోసిస్. దీనిలో 'వెనక్కి రావడం' అనే మాట ఎక్కడా రాకుండా చూసుకోవాలి. ఫోన్‌లో చెప్పేటప్పుడు ఎన్ని గంటలైందో, కొన రంగు ఎలా ఉందో కూడా చెప్పాలి.

పేర్లే కావాలంటే, మొదటిదానికి 'ముందోలు బిగుతు', రెండోదానికి 'ముందోలు వెనక పట్టేయడం' అనవచ్చు. ముందరి తోలే ముందోలు. కొందరు తోలు అనడం మోటు అనుకుని పూర్వచర్మం అంటారు. అదీ తప్పు కాదు కాని, 'పూర్వ' అనగానే 'ఇదివరకటి' అనే అర్థం ముందు తోస్తుంది, దాంతో ఇంకో అయోమయం. తెలుగు బైబిల్లో గోప్యాంగచర్మం అన్నారు, అది గౌరవంగా ఉన్నా ఏ చర్మమో స్పష్టంగా తెలియదు. నేనైతే ముందోలు అనే రాస్తాను.

మా అత్తయ్య ఆ శనివారం 'ముందుకు రావట్లేదండీ' అని ఉంటే మామయ్యకు ఆ పగటి బాధ తప్పేది. ఆవిడ తెలుగులో తప్పేమీ లేదు. విన్నవాళ్ళు 'ఎటు రావడం లేదమ్మా?' అని ఒక్క మాట అడగాల్సింది.