పదిహేను మంది వద్దు, ఎనిమిది మంది చాలు

"నల్గొండల బత్తాయి రైతుల్ని, నర్సరీవాళ్లని, మందుల డీలర్లని కలిపి రాత్రి భోజనానికి పిలిచిన. పదిహేను మంది వచ్చిండ్రు. ఎవరి గుంపు వాళ్లదే అయింది. మళ్ల ఎట్ల పెట్టాలె?"

అన్నా, ఎనిమిది దాటితే ఒక్క ముచ్చట రెండుగ చీలుతది. ఈసారి ఎనిమిది లోపే పిలువు, డీలర్లని పిలవకు. మందు అమ్మినాయన ఎదురుంగ కూసుంటే, అది పనిచేయలేదని రైతు నోరు విప్పడు. నాకైతే అసలు చిక్కు అదే అనిపిస్తుంది.

"బత్తాయి సమస్యలు" అనకుండ ఒక్క ప్రశ్న రెండు రోజుల ముందే వాట్సాప్‌ల పంపు: "మీ తోటల కాయ రాలుడు ఎప్పుడు మొదలైంది, అంతకుముందు నీళ్లు ఎట్ల పెట్టిండ్రు?" అన్నం వడ్డించకముందే ఒక్కొక్కరు రెండు నిమిషాలు చెప్పాలె. చిన్నోళ్లతోని మొదలుపెట్టు, పెద్దాయన చివర్ల. ఆయన ముందే తేల్చి చెప్తే మిగతావాళ్లు తలూపుతరు.

తర్వాత నువ్వు తవ్వి అడుగు: రాలిన కాయ తొడిమ దగ్గర నల్లగ కుళ్లిందా, శుభ్రంగ ఉందా? కుళ్లితే శిలీంధ్రం అనుమానించాలె. శుభ్రంగ ఉండి, ఎండగట్టినంక ఒక్కసారి నిండ నీళ్లు పెట్టినట్టయితే తడి లెక్క చూడాలె. ఇక్కడ మాట వేడెక్కుతది, ఆపకు. మార్కెట్ రేటు మీదికి మళ్లిందంటే మాత్రం మళ్ల అదే ప్రశ్నకు తీసుకురా.

పొద్దున పేర్లు లేకుండ ఎవరేం చూసిండ్రో రాసి అందరికీ పంపు.